పెట్టె విప్పిన వారం, వాడిన ఏడాది

2015లో ఆపిల్ 12 అంగుళాల మ్యాక్‌బుక్‌ను తెచ్చినప్పుడు, దాని కీబోర్డు మీద జరిగిన చర్చ అంతా వేలికి తగిలే అనుభూతి గురించే. మీటలు లోపలికి దిగుతున్నట్టే లేదని కొందరన్నారు, రెండు రోజుల్లో అలవాటైపోతుందని మరికొందరన్నారు. లాప్‌టాప్‌ను పలచగా చేయడానికి మీట అడుగున ఆ కంపెనీ పెట్టిన కొత్త అమరికకు బటర్‌ఫ్లై అని పేరు. ఆ తర్వాత అదే అమరిక మ్యాక్‌బుక్ ప్రోలోకి, ఎయిర్‌లోకి కూడా వచ్చింది. నెలలు గడిచాక అసలు సంగతి బయటపడింది. మీట కింద చిన్న దుమ్ము నలుసు చేరితే చాలు, అక్షరం పడదు, లేదా ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. 2017లో కేసీ జాన్‌స్టన్ అనే అమెరికన్ జర్నలిస్టు తన కొత్త మ్యాక్‌బుక్ పడిన ఈ అవస్థ గురించి రాస్తే, అదే బాధ పడుతున్న వాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసింది. 2018 జూన్‌లో ఆపిల్ ఆ కీబోర్డులకు ఉచిత మరమ్మతు ప్రకటించింది. 2019లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో జోవానా స్టెర్న్ తన లాప్‌టాప్‌లో సరిగా పడని ఇంగ్లిష్ అక్షరాలను వదిలేసి వ్యాసం అచ్చు వేయించింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన 16 అంగుళాల మోడల్‌తో ఆపిల్ పాత తరహా మీటలకు తిరిగి వెళ్లిపోయింది. 2022లో వినియోగదారులు వేసిన కేసును 5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

మొదట్లో సమీక్షలు రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల ముందున్నది కొత్త యంత్రం, శుభ్రమైన బల్ల, కొద్ది రోజుల గడువు. తెర వెలుగు, వేగం, బరువు, స్పీకర్ల శబ్దం ఆ గడువులో కొలవొచ్చు, అవి తర్వాత పెద్దగా మారవు కూడా. దుమ్ము, వేడి, వేలసార్లు తెరిచి మూయడం వల్ల వచ్చేవి మాత్రం కాలం గడిస్తేనే కనబడతాయి. ఆరు నెలలో ఏడాదో వాడాక రాసే సమీక్ష మొదటి వారం సమీక్షకు పొడిగింపు కాదు. అది అడగాల్సిన ప్రశ్నలే వేరు. మన దగ్గర మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా కొనే ప్లాస్టిక్ బాడీ, 15 అంగుళాల లాప్‌టాప్‌ల విషయంలో నాకు ముఖ్యంగా కనిపించేవి మూడు: హింజ్, బ్యాటరీ, సర్వీసు.

హింజ్ నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మొదటి అభిప్రాయం సరిగ్గా తలకిందులయ్యేది ఇక్కడే. షాపులో మూత తెరిచినప్పుడు బిగుతుగా ఉంటే "గట్టిగా ఉందిలే, మన్నుతుంది" అనుకుంటాం. ఆ బిగువు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. హింజ్‌లో ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, దాని చుట్టూ గట్టిగా బిగించిన వాషర్లు, మధ్యలో గ్రీజు ఉంటాయి. ఆ రాపిడే తెరను మనం పెట్టిన కోణంలో నిలబెడుతుంది. ఈ ఇనుప భాగాన్ని బాడీకి పట్టి ఉంచేవి చిన్న స్క్రూలు. చవక మోడళ్లలో ఆ స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లో అదిమిన ఇత్తడి నట్లలోకి. గ్రీజు ఆరి, దుమ్ము చేరి హింజ్ మరింత బిగుసుకునేకొద్దీ మనం పెట్టే బలం కడ్డీని తిప్పడానికి బదులు ఆ ప్లాస్టిక్‌ను పెకలించడానికి పోతుంది. విరిగేది ఇనుము కాదు, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్.

మా అక్క కొడుకు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్న లాప్‌టాప్‌కు ఇదే జరిగింది. కొన్నప్పుడు నాకూ వాడికీ బాగా నచ్చింది, తెర బాగుంది, పని చకచకా చేసేది. హాస్టల్లో మంచం మీద కూర్చుని, ఒక చేత్తో తెర మూల పట్టుకుని తెరవడం వాడికి అలవాటు. ఒకరోజు ఫోన్ చేసి, "మామయ్యా, మూత తెరుస్తుంటే టక్కుమంటోంది, పక్కన సందు కనబడుతోంది" అన్నాడు. ఇంకా తెరిచి మూస్తూ ఉండొద్దని, ముందు ఫోటో తీయమని చెప్పాను. సర్వీసు సెంటర్లో చూసిన కుర్రాడు ఒక్క మాటలో తేల్చేశాడు: "ఇది ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీలో రాదు." వారంటీ గడువు ఇంకా ఉంది. బాడీ మీద ఎక్కడా సొట్ట లేదు, గీత లేదు. కింద పడేసి ఉంటే అంచున దెబ్బ కనబడాలి కదా అని మేం పట్టుబట్టాం. ఫోటోలతో కంపెనీకి ఈమెయిల్ పెట్టాక పై అధికారి చూసి, పగిలిన పై ప్యానెల్‌నూ హింజ్‌లనూ మార్చారు. ఆ ఫోటోలు, జాబ్ షీటు లేకపోతే ఆ పని జరిగేది కాదని నా నమ్మకం.

పగలకముందే దీన్ని పసిగట్టవచ్చు. తెర కింద మూలల్లో ఫ్రేము కాస్త విచ్చుకుని ఉందా, మూత మూస్తున్నప్పుడు ఒక వైపు ముందుగా, మరో వైపు ఆలస్యంగా దిగుతోందా, హింజ్ దగ్గర బాడీ ఉబ్బినట్టు లేస్తోందా అని చూడాలి. తెరకు వెళ్లే కేబుల్ కూడా చాలా మోడళ్లలో హింజ్ పక్క నుంచే పోతుంది కాబట్టి, ఒక కోణంలో మాత్రమే తెర మినుకుతుంటే అనుమానించాల్సింది ఈ చోటునే. మూతను మూల పట్టుకుని కాకుండా పై అంచు మధ్యలో పట్టుకుని తెరిస్తే రెండు హింజ్‌ల మీదా బరువు సమంగా పడుతుంది. వారంటీ దాటాక పగిలితే సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల ఇత్తడి నట్లను ఎపాక్సీతో మళ్లీ అతికి కూర్చోబెట్టేవాళ్లు ఉంటారు. కానీ బిగుసుకుపోయిన హింజ్‌ను వదులు చేయకుండా అతికిస్తే అది మళ్లీ ఊడుతుంది. ఆ మాట వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.

బ్యాటరీ దగ్గర మన ఊహలు అక్కర్లేదు, లెక్క ఉంది. "మొదట్లో ఐదారు గంటలు వచ్చేది, ఇప్పుడు రావట్లేదు" అన్న మాటతో ఏమీ తేలదు. విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది టైపు చేస్తే చాలు:

```
powercfg /batteryreport
```

ఒక ఫైలు తయారై, అది ఎక్కడుందో కూడా అక్కడే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే DESIGN CAPACITY అని ఒక అంకె, FULL CHARGE CAPACITY అని మరో అంకె కనబడతాయి. మొదటిది బ్యాటరీ తయారైనప్పుడు పట్టాల్సిన శక్తి, రెండోది ఇప్పుడు పడుతున్నది. ఉదాహరణకు మొదటిది 50,000, రెండోది 42,000 అయితే బ్యాటరీ 84 శాతం దగ్గర ఉందన్నమాట. ఆ లాప్‌టాప్ సగటున 8 వాట్లు తాగుతుంటే కొత్తలో ఆరుంపావు గంటలు వచ్చింది ఇప్పుడు ఐదుంపావు గంటలే వస్తుంది. కొన్న వారంలోనే ఈ ఫైలు ఒకటి తీసి దాచుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. రెండో అంకె పెద్దగా తగ్గకుండానే గంటలు తగ్గిపోతే తప్పు బ్యాటరీది కాదు. వెనకాల నడుస్తున్న ప్రోగ్రాములనో, దుమ్ము పట్టి ఎప్పుడూ తిరుగుతూనే ఉన్న ఫ్యాన్‌నో చూడాలి. ఈ తేడా చెప్పకుండా "బ్యాటరీ పాడైంది" అని రాస్తే ఆ సమీక్ష చదివేవాడిని తప్పుదారి పట్టిస్తుంది.

అదే ఫైలులో CYCLE COUNT కూడా ఉంటుంది, కొన్ని మోడళ్లలో అక్కడ గీత మాత్రమే కనబడుతుంది. ఆ అంకె తక్కువుంటే బ్యాటరీ బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. లిథియం బ్యాటరీని వాడకం ఒక్కటే కాదు, నిండా చార్జితో వేడిలో ఉండటం కూడా అరగదీస్తుంది. మే నెలలో ఫ్యాను కింద, రోజంతా ప్లగ్గులోనే, వంద శాతం దగ్గర నడిచే ఆఫీసు లాప్‌టాప్‌కు సైకిళ్లు తక్కువే ఉంటాయి, పట్టే శక్తి మాత్రం పడిపోయి ఉంటుంది. అలా వాడేవాళ్లు కంపెనీ యాప్‌లోనో బయాస్‌లోనో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే అది పెట్టుకోవాలి. టచ్‌ప్యాడ్ ఉన్నట్టుండి నొక్కుడు పడకపోయినా, లాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బితే చార్జింగ్ ఆపేసి మార్పించాల్సిందే, గుచ్చడం, నొక్కడం ప్రమాదం.

ఒక్క లాప్‌టాప్ పాడైందని ఆ మోడలంతా చెడ్డదని రాయడం న్యాయం కాదు. వేలల్లో తయారయ్యేవాటిలో కొన్ని లోపంతోనే వస్తాయి. నేను చూసే గుర్తు ఒకటే: మార్చిన కొత్త భాగం కూడా అదే తీరులో చెడిందా? బటర్‌ఫ్లై కీబోర్డు విషయంలో అదే జరిగింది, మార్చినవీ మళ్లీ మొరాయించాయి. అప్పుడది ఒక పీసు లోపం కాదు, డిజైన్ లోపం. భాగం ఒకసారి మార్చాక ఇబ్బంది లేకుండా ఏళ్లు నడిస్తే ఆ మాటా సమీక్షలో రావాలి.

సర్వీసును కొనేముందు ఎవరూ రుచి చూడలేరు, అందుకే వాడినవాళ్లు చెప్పే మాటకు విలువ ఎక్కువ. ఆన్‌సైట్ వారంటీ అని రాసినా ఇంజనీరు ఇంటికి రావడం మీ పిన్‌కోడ్‌ను బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో మర్నాడు తలుపు తట్టే మనిషి పల్నాడులోని ఒక మండల కేంద్రానికి రాకపోవచ్చు. మూడేళ్ల వారంటీ పొడిగింపు కొన్నా చాలా కంపెనీలు బ్యాటరీకి ఏడాదే ఇస్తాయి. ర్యామ్ బోర్డుకే అతికి ఉన్న మోడళ్లలో అది పోతే సాధారణంగా బోర్డు మొత్తం మార్చాలంటారు. బోర్డు మార్చితే ఇంకో చిక్కు ఉంది. చాలా కొత్త విండోస్ లాప్‌టాప్‌లలో డిస్క్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటుంది, ఆ తాళం బోర్డులోని చిప్‌తో ముడిపడి ఉంటుంది. రిపేరు నుంచి తిరిగొచ్చిన లాప్‌టాప్ 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది చేతిలో లేనివాళ్లు తమ ఫైళ్లన్నీ పోగొట్టుకుంటారు. సర్వీసుకు ఇచ్చేముందే ఆ కీని మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి రాసిపెట్టుకోవాలి, ఫైళ్ల కాపీ వేరే డిస్క్‌లో తీసుకోవాలి.

ఇచ్చేటప్పుడు జాబ్ షీటులో సమస్యను మన మాటల్లోనే రాయించాలి. "డెడ్" అనో "స్లో" అనో కాకుండా "ఎడమ హింజ్ దగ్గర ఫ్రేము విచ్చుకుంది, బయట దెబ్బల గుర్తులు లేవు" అని ఉండాలి. ఆ కాగితం కాపీ తీసుకోనిదే కదలకూడదు. కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు, అప్పుడూ మొదట అక్కరకొచ్చేది ఆ కాగితమే. వారంటీ చివరి రోజు వరకూ ఆగకుండా, ముగియడానికి నెల ముందే మూల మూలా చూసుకుని, బ్యాటరీ రిపోర్టు మరోసారి తీసి, ప్రతి మీటా ప్రతి పోర్టూ పరీక్షించుకోవాలి. విడిభాగం తెప్పించడానికే వారాలు పట్టే ఊళ్లలో ఉన్నవాళ్లు ఇంకాస్త ముందే మొదలుపెట్టడం మంచిది, ఫిర్యాదు నమోదైన తేదీ వారంటీ లోపల ఉండటం ముఖ్యం.