గుర్తులన్నీ తీసేసి ఒకసారి చదవండి

షుగర్ పరీక్షకు వెళ్లే ముందు రోజు చాలామంది ల్యాబ్‌కి వాట్సాప్‌లో ఒక మాట అడుగుతారు. మాత్ర వేసుకుని రావాలా, ఎన్నింటికి రావాలి, ఏమైనా తాగొచ్చా అని. అవతల కూర్చున్న ఉద్యోగి పని ఒత్తిడిలోనే ఉన్నా, చూడడానికి ముచ్చటగా ఉండాలని ముఖ్యమైన మాటలు లావు చేసి, పాత టైము కొట్టేసి, చుక్కలు పెట్టి జవాబు పంపుతాడు. అతను టైపు చేసింది ఇలా ఉందనుకుందాం.

```
> మాత్ర వేసుకునే రావాలి
*వద్దు*, రక్తం ఇచ్చాకే
- ~6:30~ 7:30కి రండి
- *నీళ్లు* తాగండి
> 300 ఉంటే ఫోన్ చేయండి
```

వాట్సాప్‌లో రెండు నక్షత్రం గుర్తుల మధ్య ఉన్న మాట లావుగా కనిపిస్తుంది. రెండు టిల్డెల మధ్య ఉన్నది కొట్టేసినట్టు కనిపిస్తుంది. లైను మొదట్లో > గుర్తు, ఖాళీ వస్తే ఆ లైను ఎవరో అన్న మాటగా పక్కకు జరుగుతుంది. పంపిన మనిషి ఫోన్‌లో ఇది చక్కగానే ఉంటుంది.

కానీ జవాబు ఆ తెరమీదే ఆగిపోదు. కొడుకు దాన్ని కాపీ చేసి తండ్రికి మామూలు ఎస్సెమ్మెస్‌గా పంపుతాడు. ఎస్సెమ్మెస్‌లో లావు అక్షరం అనేదే లేదు. కొట్టివేత అసలే లేదు. లేదా కోడలు వంటింట్లోంచి పైకి చదివి వినిపిస్తుంది. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ల సంగతీ అంతే. కంప్యూటర్‌లో ఎక్కువమంది వాడే ఎన్‌వీడీఏలో ప్రత్యేకంగా సెట్టింగు పెట్టుకుంటే తప్ప ఈ మాట లావుగా ఉంది అని అది చెప్పదు. ఇన్ని దారుల్లో వెళ్లే జవాబుకు పంపేవాళ్లు చేయాల్సిన పరీక్ష ఒకటుంది: గుర్తులన్నీ తీసేసి, మిగిలిన మాటలతోనే అర్థం పూర్తిగా వస్తోందా అని చూడడం. పై జవాబుకు ఆ పని చేస్తే మిగిలేది ఇది.

```
మాత్ర వేసుకునే రావాలి
వద్దు, రక్తం ఇచ్చాకే
6:30 7:30కి రండి
నీళ్లు తాగండి
300 ఉంటే ఫోన్ చేయండి
```

మొదటి లైను పేషెంటు అడిగిన మాట. గుర్తు పోగానే అది ల్యాబ్ ఇచ్చిన ఆదేశమైపోయింది. తొందరలో ఉన్నవాళ్లు మొదటి లైను చదివి మాత్ర మింగేస్తే తప్పు వాళ్లది కాదు. మూడో లైనులో రెండు టైములు మిగిలాయి. కొట్టివేత అనేది గుర్తు మీదే పూర్తిగా ఆధారపడిన సంకేతం. అది పోతే రద్దయిన మాట, రద్దు కాని మాట పక్కపక్కన సమానంగా నిలబడతాయి. ధరలు, తేదీలు, డోసులు సవరించేటప్పుడు కొట్టివేత అసలు వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

నాలుగో లైను పైకి బాగానే ఉంది. నీళ్లు తాగమనే ఉంది కదా! అయితే రాసినవాడి ఉద్దేశం నీళ్లు మాత్రమే అని. ఆ "మాత్రమే" అంతా లావు అక్షరంలో ఉండిపోయింది. మనకు ఆ నొక్కు పెట్టడానికి గుర్తులు అక్కర్లేదు. "నీళ్లే", "రేపే", "తప్ప", "మాత్రం" అంటే చాలు, పైకి చదివినా వినిపిస్తుంది. లావు చేసిన ప్రతి మాట దగ్గరా ఆగి, ఈ నొక్కు వాక్యంలోనూ ఉందా అని చూసుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఐదో లైను. అక్కడ > గుర్తు అలంకారం కాదు, "కంటే ఎక్కువ" అనే అర్థంలో వేశాడు. లైను మొదట్లో ఉండడంవల్ల వాట్సాప్ దాన్ని ఎవరో అన్న మాటగా మార్చేసింది. అంటే గుర్తులు ఎవరూ తీసేయకముందే అర్థం పోయింది. సరిగ్గా 300 వస్తేనే ఫోన్ చేయాలేమో అనిపిస్తుంది, 340 వచ్చినవాళ్లు తటపటాయిస్తారు. ఇలాంటిదే ఇంకొకటి: రెండేసి మాత్రలు, పూటకోసారి మూడు పూటలు, ఐదు రోజులు అనడానికి కొందరు 2*3*5 అని కొడతారు. మార్క్‌డౌన్ అనే రాత పద్ధతిలో నడిచే చోట్ల ఆ రెండు నక్షత్రాలు మధ్యనున్న మూడును వాలుగా చేసి మాయమవుతాయి. తెరమీద మిగిలేది 235. అందుకే లెక్క, హద్దు, డోసు ఎప్పుడూ మాటల్లోనే ఉండాలి.

ఈ పరీక్ష చేసే తీరు కష్టమేమీ కాదు. జవాబును నోట్‌ప్యాడ్ లాంటి సాదా చోట అతికించి, నక్షత్రాలు, టిల్డెలు, అండర్‌స్కోర్లు, >, #, నిలువు గీతలు, లైను మొదటి డాష్‌లు చెరిపేయాలి. తర్వాత లైన్లన్నీ కలిపి ఒకే పేరాగా చేయాలి. చాలామంది ఈ రెండో మెట్టు వదిలేస్తారు, అసలు లోపాలు అక్కడే బయటపడతాయి. పట్టికలో అడ్డంగా నిలువుగా చూసి అర్థం చేసుకున్నది ఒక్క వరుసలోకి రాగానే ఏ అంకె దేనిదో తెలియదు. "ఇక్కడ నొక్కండి" అన్న మాట వెనక లింకు దాచి ఉంటే, అడ్రసు పోయి "ఇక్కడ" ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడు ఆ పేరాను మొదటి రూపం చూడనివాళ్లకు చదివి వినిపించి, రేపు మీరు ఏం చేస్తారో చెప్పండి అని అడగాలి. అర్థమైందా అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. రాసినవాళ్లు తామే చదువుకుంటే, చెరిపేసిన గుర్తులు ఇంకా మనసులో కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి తప్పు దొరకదు.

మన జవాబును అలా వినిపిస్తే మరో సంగతి తేలుతుంది. ఎప్పటినుంచి ఏమీ తినకూడదో అందులో లేనేలేదు! చుక్కలు, లావు అక్షరాలు కలిసి అంతా చెప్పేసినట్టు కనిపించేలా చేశాయి. ఫాస్టింగ్ షుగర్‌కి కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండాలి, అంటే 7:30 పరీక్షకు రాత్రి 11:30 లోపు భోజనం అయిపోవాలి. సరిచేసిన జవాబు ఇలా వస్తుంది.

```
మాత్ర వేసుకుని రావాలా అని అడిగారు. వద్దు,
రక్తం ఇచ్చాకే వేసుకోండి. 6:30కి కాదు, 7:30కి
రండి. రాత్రి 11:30 తర్వాత మంచినీళ్లు తప్ప టీ,
కాఫీ సహా ఏమీ తీసుకోవద్దు. రాత్రి ఇంట్లో
చూసుకున్నప్పుడు షుగర్ 300 దాటితే మాకు ఫోన్
చేయండి.
```

దీనికి లావు అక్షరాలు చేర్చినా, చేర్చకపోయినా చెప్పేది మారదు. చేర్చాలనుకుంటే ఇప్పుడు నిశ్చింతగా చేర్చుకోవచ్చు.

ఈ పరీక్షకు హద్దూ ఉంది. పాస్‌వర్డులో నక్షత్రం, మెయిల్ ఐడీలో అండర్‌స్కోర్ ఉంటే అవి అలంకారాలు కావు, చెరిపేస్తే పని చెడుతుంది. అలాంటివాటిని విడిగా ఒక లైనులో పెట్టి, "మధ్యలో ఒక అండర్‌స్కోర్ ఉంది" అని మాటల్లో కూడా చెప్పాలి. పాతిక పరీక్షల ధరల పట్టికను వాక్యాలుగా మార్చడమూ దండగే. దాన్ని పట్టికగానే ఉంచి, అడిగినవాళ్లకు కావలసిన ఒక్క ధరను పైన ఒక వాక్యంలో రాస్తే చాలు.

ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో, బడుల్లో, బ్యాంకుల్లో రోజూ ఇలాంటి జవాబులు పంపేవారు తరచూ వాడే జవాబులను ముందుగానే తయారుచేసి పెట్టుకుంటారు. వాటినైనా ఈ వారం ఒక్కొక్కటిగా గుర్తులు తీసేసి చూడండి. కొట్టివేత, > గుర్తు, లావు అక్షరం ఉన్నవాటితో మొదలుపెట్టండి.