ముందు ఆపాల్సింది సింక్‌ను కాదు

ఒక దుకాణం ఆర్డర్లు పోస్ట్‌గ్రెస్ 13 డేటాబేస్‌లో ఉన్నాయనుకుందాం. 15 నిమిషాలకోసారి అందులోని మార్పులు రిపోర్టుల డేటాబేస్‌కు వెళతాయి. ఎంతవరకు పంపామో గుర్తుంచుకునేది రెప్లికేషన్ స్లాట్. చదువుతున్న పుస్తకంలో పెట్టుకున్న నెమలీక లాంటిది.

`pg_upgrade`తో 16కు మారితే ఆ స్లాట్ వెంట రాదు. పాత డేటాబేస్ 17 లేదా ఆపై వెర్షన్ అయితేనే వస్తుంది. కాబట్టి సింక్‌ను ముందే ఆపేస్తే, చివరి విడత తర్వాత పడిన ఆర్డర్లు రిపోర్టులకు చేరవు. కొత్త స్లాట్ పెట్టగానే సింక్ మామూలుగానే నడుస్తుంది కనుక ఆ లోటు ఎవరి కంటా పడదు. నాకు భయమనిపించేది ఇదే.

మొదట ఆర్డర్లు రాసే అప్లికేషన్‌ను ఆపాలి. తర్వాత ఒక పరీక్ష ఆర్డరు రాసి, సింక్‌ను చివరిసారి నడపాలి. మార్పులు కమిట్ అయిన వరుసలోనే వెళతాయి కాబట్టి, అది అవతల కనిపించిందంటే ముందువన్నీ చేరినట్టే. అప్పుడే షెడ్యూల్ ఆపాలి.

అప్‌గ్రేడ్ అయ్యాక, అప్లికేషన్‌ను తెరవకముందే కొత్త స్లాట్ సృష్టించాలి. అది పుట్టిన క్షణం నుంచే మార్పులు లెక్కలోకి వస్తాయి. ఆ తర్వాత సింక్ గంట ఆలస్యంగా మొదలైనా నష్టం లేదు, స్లాట్ లాగ్‌లను పట్టి ఉంచుతుంది. రోజుల తరబడి వదిలేస్తే మాత్రం వాటితో డిస్కు నిండిపోతుంది.