ఉదాహరణకూ అభ్యాసానికీ మధ్య: గణిత పాఠంలో ఆసరా తగ్గించే క్రమం

గణిత పాఠ్యపుస్తకంలో ఏ అధ్యాయం తెరిచినా ముందు ఉదాహరణ, దాని కింద సాధన, కొన్ని పుటల తర్వాత అభ్యాసం కనిపిస్తాయి. తరగతిలోనూ దాదాపు ఇదే వరుస. ఉపాధ్యాయుడు నల్లబల్లపై రెండు లెక్కలు చేసి చూపుతారు. అర్థమైందా అని అడిగితే తరగతి అంతా ఒకే గొంతుతో అర్థమైందని చెబుతుంది. తీరా అభ్యాసంలోని మొదటి లెక్క దగ్గరే చాలామంది కలం ఆగిపోతుంది.

ఆ పిల్లలు అబద్ధం చెప్పలేదు. వేరొకరు చేసిన సాధనను అనుసరించగలగడం ఒక సామర్థ్యం, తదుపరి మెట్టు ఏమిటో తానుగా నిర్ణయించుకోవడం మరొక సామర్థ్యం. ఉదాహరణలో ప్రతి మెట్టూ ఉపాధ్యాయుడిది, అభ్యాసంలో ప్రతి మెట్టూ విద్యార్థిది. ఒకదాని నుంచి మరొకదానికి ఒక్కసారిగా దూకించకుండా, మెట్లను ఒక్కొక్కటిగా విద్యార్థికి అప్పగించే పాఠ్యక్రమంపై నాలుగు దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది.

చేసి చూపడం ఎందుకు

ఈ పరిశోధనకు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ స్వెల్లర్ పునాది వేశారు. బీజగణితం నేర్చుకుంటున్న విద్యార్థులపై ఆయన గ్రాహం కూపర్‌తో కలిసి జరిపిన ప్రయోగాలు 1985లో ప్రచురితమయ్యాయి. ఒక బృందానికి అన్నీ లెక్కలే ఇచ్చారు. రెండో బృందానికి సాధించి చూపిన ఒక ఉదాహరణ, వెంటనే అటువంటిదే ఒక లెక్క చొప్పున జతలుగా ఇచ్చారు. తర్వాతి పరీక్షలో అదే తరహా లెక్కలను రెండో బృందం తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేసింది. అయితే రూపం మారిన లెక్కల్లో ఆ ఆధిక్యం కనిపించలేదు. ఈ రెండో ఫలితాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

ఆలోచించే క్షణంలో మనసు ఒకేసారి పట్టి ఉంచగల అంశాలు చాలా కొద్ది. కొత్త లెక్క ఎదురైనప్పుడు విద్యార్థి గమ్యం ఎక్కడుంది, తానెక్కడున్నాడు, ఏ నియమం వాడితే దూరం తగ్గుతుంది అన్న మూడింటినీ ఒకేసారి మోయాలి. ఆ వెతుకులాటకే శక్తి అంతా ఖర్చవుతుంది. జవాబు దొరికినా, ఎలా దొరికిందో గుర్తుండదు. సాధన కళ్లముందు ఉన్నప్పుడు వెతికే భారం పోయి, ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎలా వెళ్లారో గమనించే వీలు కలుగుతుంది.

ఎనిమిదో తరగతి నుంచి ఒక లెక్క

ఏక చరరాశిలో రేఖీయ సమీకరణాల అధ్యాయాన్ని తీసుకుందాం. ఉపాధ్యాయుడు పూర్తిగా చేసి చూపే లెక్క ఇది.

3(x − 4) = x + 6
మెట్టు 1: 3x − 12 = x + 6
మెట్టు 2: 3x − x = 6 + 12
మెట్టు 3: 2x = 18
మెట్టు 4: x = 9

చివర సరిచూడాలి. x స్థానంలో 9 ఉంచితే ఎడమ పక్షం 3 × 5, అంటే 15. కుడి పక్షం 9 + 6, అదీ 15.

ఇక్కడ చేసిన పనితో పాటు చేసిన కారణమూ పలకాలి. మొదటి మెట్టులో విభాగ న్యాయం ప్రకారం 3 కుండలీకరణంలోని రెండు పదాలనూ గుణించింది. రెండో మెట్టులో ఇరువైపులా 12 కలిపి, ఇరువైపులా x తీసివేశారు. మూడో మెట్టులో సజాతి పదాలను కలిపారు. నాలుగో మెట్టులో ఇరువైపులా 2తో భాగించారు. ఈ కారణాలను ప్రతి మెట్టు పక్కనే రాయడం మంచిది. లెక్క బల్లకు ఒక చివర, వివరణ మరో చివర ఉంటే విద్యార్థి చూపు రెండింటి మధ్య తిరుగుతూ అలసిపోతుంది.

కారణం చెప్పకుండా ‘పక్షం మారితే గుర్తు మారుతుంది’ అన్న సూత్రం మాత్రమే మిగిలితే ఏమవుతుందో నోటుపుస్తకాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 2x = 18 దగ్గర కొందరు x = 18 − 2 అని రాసి 16 తెస్తారు. మరికొందరు 2ను −2గా మార్చి భాగించి −9 తెస్తారు. ఇద్దరూ తమకు చెప్పిన సూత్రాన్ని శ్రద్ధగా పాటించినవారే. ఇక్కడ 2 అనేది xకు గుణకమని, దాన్ని తొలగించాలంటే భాగించాలని వారికి ఎవరూ చూపలేదు.

చివరి మెట్టు నుంచి వెనక్కి

ఇప్పుడు ఆసరా తగ్గించడం మొదలవుతుంది. రెండో లెక్క 5(x − 2) = 2x + 8. బల్లపై మూడు మెట్లు రాసి నాలుగోది ఖాళీగా ఉంచుతారు.

5x − 10 = 2x + 8
5x − 2x = 8 + 10
3x = 18
x = ……

విద్యార్థి చేయాల్సింది ఒక్క నిర్ణయమే. x = 6 అని రాసి, మూల సమీకరణంలో ఉంచి, రెండు వైపులా 20 వస్తుందని సరిచూస్తాడు. మూడో లెక్క 4(x − 3) = x + 9లో చివరి రెండు మెట్లు ఖాళీ. 4x − x = 9 + 12 వరకు ఇస్తే 3x = 21, x = 7 విద్యార్థివి. నాలుగో లెక్క 6(x − 1) = 4x + 10లో కుండలీకరణం తొలగించడం మాత్రమే చూపుతారు. పదాలను ఒకచోటికి తేవడం, కలపడం, భాగించడం విద్యార్థి పని. జవాబు 8. ఐదో లెక్క 7(x − 3) = 3x − 1లో ఏ మెట్టూ ఇవ్వరు. జవాబు 5.

ఇలా చివరి నుంచి వెనక్కి తగ్గించే పద్ధతిని జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ రెంకెల్, ఆయన సహ పరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో పరిశీలించారు. ఉదాహరణ నుంచి నేరుగా లెక్కకు వెళ్లడం కన్నా మెట్లను క్రమంగా తొలగించడం మెరుగైన ఫలితమిచ్చింది. చివరి మెట్టును ముందు ఖాళీ ఉంచడంలో ఒక సౌలభ్యం ఉంది. అప్పటికి లెక్క దాదాపు పూర్తయింది కాబట్టి విద్యార్థి పూరించిన వెంటనే జవాబు వస్తుంది, సరిచూసుకోవచ్చు. మొదటి మెట్టే ఖాళీగా ఉంటే, అక్కడ తప్పిన విద్యార్థికి తర్వాతి మెట్లన్నీ అయోమయమవుతాయి.

ఇదే బృందం తర్వాతి అధ్యయనంలో మరో విషయం బయటపడింది. ఏ మెట్టును ఖాళీగా ఉంచారో ఆ మెట్టుకు సంబంధించిన నియమాన్నే విద్యార్థులు ఎక్కువగా నేర్చుకున్నారు. అంటే ఖాళీ పెట్టడం సౌకర్యానికి మాత్రమే కాదు, అది బోధనా నిర్ణయం. తరగతిలో ఎక్కువమంది కుండలీకరణం దగ్గరే తప్పుతున్నట్టయితే, వెనక్కి తగ్గించే వరుసను యాంత్రికంగా పాటించకుండా ఆ మెట్టునే ఖాళీగా ఉంచిన రెండు మూడు లెక్కలు ఇవ్వాలి.

ఎప్పుడు తగ్గించాలి

ఆసరా తగ్గించే వేగాన్ని గడియారం చెప్పదు, ‘అర్థమైంది’ అన్న సమాధానమూ చెప్పదు. పూరించిన మెట్టే చెబుతుంది. ప్రతి లెక్క తర్వాత అందరూ తమ జవాబును పలకపైనో కాగితంపైనో రాసి ఒకేసారి పైకెత్తితే, ఉపాధ్యాయుడికి ఒక్క చూపులో పరిస్థితి తెలుస్తుంది. చేయెత్తిన ఒక్కరి జవాబు విని ముందుకు సాగితే మిగిలినవారి సంగతి పరీక్ష దాకా తెలియదు.

జవాబు సరైనదే అయినా మరో ప్రశ్న అవసరం. 3x = 18 నుంచి x = 6 ఎలా వచ్చింది? ‘ఇరువైపులా 3తో భాగించాను’ అన్న విద్యార్థి తదుపరి దశకు సిద్ధం. ‘3ను అటు పంపాను’ అన్న విద్యార్థికి పూర్తి ఉదాహరణ మరొకటి కావాలి. తప్పు చేసినవారి సంగతీ అంతే. వారు తడబడిన మెట్టు ఉన్న దశకు ఒక్క అడుగు వెనక్కి తీసుకురావడం చాలు. పాఠాన్ని మొదటి నుంచి చెప్పనక్కరలేదు. ఈ వరుస అంతా ఒకే పీరియడులో ముగియాలన్న నియమమూ లేదు. మరుసటి రోజు మూడో దశ నుంచి మొదలుపెట్టవచ్చు.

ఒంటరిగా చేసే లెక్క ఎలా ఉండాలి

ఐదో లెక్కను సరిగ్గా చేసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఇంతవరకు ఇచ్చిన లెక్కలన్నిటి రూపం ఒక్కటే. ఆకారాన్ని గుర్తుపెట్టుకుని అంకెలు మార్చి చేసినా జవాబు వచ్చేస్తుంది. 1985 నాటి ప్రయోగంలో రూపం మారిన లెక్కల దగ్గర ఆధిక్యం కనిపించకపోవడాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

కాబట్టి స్వతంత్ర సాధనలో రూపాలు కలగలిసి ఉండాలి. 2(x + 5) = 4xలో కుడి వైపు స్థిరపదమే లేదు. ఒక సంఖ్య నుంచి 4 తీసివేసి 3తో గుణిస్తే, ఆ సంఖ్య కన్నా 6 ఎక్కువ వచ్చిందని మాటల్లో చెబితే, అది మొదటి ఉదాహరణే అయినా సమీకరణం రాయడం విద్యార్థి వంతు అవుతుంది. 8 − 3(x − 2) = 2 వంటి లెక్క మాత్రం వేరు. ఇందులో −3 రెండు పదాలనూ గుణించాలి, 8 − 3x + 6 = 2 రావాలి. చాలామంది 8 − 3x − 6 = 2 అని రాసి x = 0 తెస్తారు. సరిచూస్తే ఎడమ పక్షం 14 అవుతుంది కాబట్టి తప్పు అక్కడే బయటపడుతుంది. సరైన జవాబు 4. ఇక్కడ కొత్త మెట్టు ఉంది కనుక దీనికి మళ్లీ పూర్తి ఉదాహరణతోనే మొదలుపెట్టాలి.

ఆసరా బరువైనప్పుడు

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. స్లావా కల్యుగా, స్వెల్లర్ తదితరుల అధ్యయనాల ప్రకారం, కొత్తవారికి మేలు చేసే వివరమైన ఉదాహరణలు విషయం తెలిసినవారికి ఉపయోగపడకపోగా కొన్నిసార్లు ఆటంకమవుతాయి. తెలిసిన మెట్లను కూడా చదివి, తమ మనసులోని పద్ధతితో పోల్చుకోవాల్సి రావడం వారికి అదనపు భారం. ఒకే తరగతిలో ఈ రెండు రకాల పిల్లలూ ఉంటారు.

అందుకే పాఠం మొదట్లోనే ఒక లెక్క ఇచ్చి, మొదటి మెట్టు మాత్రం రాయమని అడగడం ఉపయోగకరం. 3(x − 4) = x + 6 చూసి వెంటనే 3x − 12 = x + 6 అని రాసినవారిని నాలుగో దశ నుంచి మొదలుపెట్టనివ్వవచ్చు. 3x − 4 = x + 6 అని రాసినవారు 3తో మొదటి పదాన్ని మాత్రమే గుణించారు. వారికి సమీకరణం కన్నా ముందు విభాగ న్యాయం మీదే ఉదాహరణ కావాలి. ఇద్దరికీ ఒకే ఉదాహరణ చూపితే మొదటివారి సమయం పోతుంది, రెండోవారి తప్పు అలాగే మిగులుతుంది.