ఆవకాయ సీసాపై కొత్త లేబుల్: ఏ తేదీ నుంచి, ఏ సరుకుకి?

అమెరికాలో అమ్మే ఆహార పదార్థాల్లో నువ్వులుంటే ఆ సంగతి లేబుల్‌పై స్పష్టంగా చెప్పి తీరాలన్న నిబంధన 2023 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా అక్కడి చట్టం ప్రధాన అలర్జీ కారకాలుగా గుర్తించినవి ఎనిమిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతల వంటివి, బాదం జీడిపప్పు వంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఫాస్టర్ చట్టం నువ్వులను తొమ్మిదోదిగా చేర్చింది. ఆవకాయను నువ్వుల నూనెతో కలుపుతారు కాబట్టి, అక్కడి తెలుగువాళ్ల కోసం పచ్చళ్లు తెప్పించే దిగుమతిదారులు ఇక్కడి తయారీదారులకు ఒక ఉత్తరం రాయాల్సి వచ్చింది. లేబుల్ మారుతోందని, ఏది ఎలా మారాలో ఇదని, ఫలానా తేదీ నుంచి ఇలాగే పంపాలని చెప్పే ఉత్తరం అది.

ఇటువంటి ఉత్తరం చూడ్డానికి చాలా చిన్న విషయం. అయినా ఎక్కువ ఉత్తరాలు తేదీ దగ్గరే దెబ్బతింటాయి. ఎలా దెబ్బతింటాయో తెలియాలంటే ముందు లేబుల్‌పై మారవలసినది ఏమిటో చూడాలి.

మన దేశంలో తయారైన సీసాలపై నువ్వుల నూనెను ఇంగ్లీషులో ‘జింజెల్లీ ఆయిల్’ అని అచ్చువేయడం మామూలు. కొందరు ‘తిల్ ఆయిల్’ అంటారు. అమెరికాలో నువ్వుల అలర్జీ ఉన్న మనిషికి ఈ రెండు పేర్లూ ఏమీ చెప్పవు. చట్టం కోరేది ‘సెసమీ’ అన్న పేరునే. దాన్ని చూపించడానికి రెండు దారులున్నాయి. పదార్థాల జాబితాలోనే ‘సెసమీ ఆయిల్’ అని రాయొచ్చు. లేదా జాబితా ముగిసిన వెంటనే, లేకపోతే దాని పక్కనే, ‘కంటెయిన్స్: సెసమీ’ అన్న వాక్యం పెట్టొచ్చు. ఆ వాక్యంలోని అక్షరాలు జాబితా అక్షరాల కంటే చిన్నవి కాకూడదు. ఒక మెలిక కూడా ఉంది. సీసాపై ‘కంటెయిన్స్’ వాక్యం ఇప్పటికే ఉంటే, సరుకులో ఉన్న ప్రధాన అలర్జీ కారకాలన్నీ అందులో రావాలి. ‘కంటెయిన్స్: వేరుశనగ’ అని మాత్రం రాసి నువ్వులను జాబితాకే వదిలేస్తే లేబుల్ తప్పే.

అందువల్ల దిగుమతిదారు ‘అలర్జీ వివరాలు చేర్చండి’ అని ఒక ముక్కలో రాస్తే చాలదు. ఏ సరుకుకి ఏ వాక్యం రావాలో సరుకువారీగా రాసి పంపాలి. ఆవకాయలో నువ్వుల నూనె ఉంది. గోంగూరకు వేరుశనగ నూనె వాడితే ఆ నూనె ఎంతవరకు శుద్ధి చేసినదో అడగాలి, ఎందుకంటే బాగా రిఫైన్ చేసిన నూనెలకు ఈ చట్టంలో మినహాయింపు ఉంది. గానుగ నూనెకు లేదు. ఇడ్లీ కారంలో వేయించిన నువ్వులు పడతాయి. మాగాయ పోపులో ఇంగువ పడుతుంది. బజారులో దొరికే ఇంగువ చాలావరకు పిండి కలిపి చేసినది, ఆ పిండి తరచుగా గోధుమదే. గోధుమ అలర్జీ నిబంధన 2006 నుంచే ఉంది, అయినా ఇంగువ చాటున గోధుమ లేబుల్‌కి ఎక్కకుండా తప్పిపోవడం సులువు. కొత్త నిబంధన గురించి రాసేటప్పుడు పాత లోపాలు ఇలా బయటపడతాయి. మంచి కొనుగోలుదారు ఈ అవకాశాన్ని వదులుకోడు: ప్రతి సరుకులో ఏమేం పడుతున్నాయో, ఇంగువలో ఏ పిండి ఉందో తయారీదారు చేతే రాయించుకుని, ఆ తర్వాతే లేబుల్ వాక్యం ఖాయం చేస్తాడు.

ఇక తేదీ. ‘2023 జనవరి 1 నుంచి కొత్త లేబుల్ ఉండాలి’ అని రాశారనుకుందాం. తయారీదారు దీన్ని నాలుగు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. ఆ రోజు తర్వాత వచ్చే ఆర్డర్లకు అనుకోవచ్చు. ఆ రోజు తర్వాత సీసాల్లో నింపే సరుకుకి అనుకోవచ్చు. ఆ రోజు తర్వాత ఓడెక్కే సరుకుకి, లేదా అక్కడి రేవులో దిగే సరుకుకి అనుకోవచ్చు. ఒక్కో అర్థానికీ మధ్య వారాలు, నెలలు తేడా. చట్టం దృష్టిలో లెక్క సరుకు అమెరికా వాణిజ్యంలోకి ఎప్పుడు అడుగుపెట్టిందన్నదే. ఆ తేదీకి ముందే మార్కెట్లోకి చేరిన పాత లేబుల్ సరుకును వెనక్కి తీయనక్కర్లేదు. కానీ జనవరి 5న రేవులో దిగిన కంటెయినర్‌కి, ఆ సీసాలు నవంబరులోనే నింపినవన్న వాదన పనికిరాదు.

కాబట్టి దిగుమతిదారు చట్టం తేదీని ఉన్నది ఉన్నట్టు ఉత్తరంలోకి దించకూడదు. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టి, తయారీదారు కళ్లెదుట జరిగే ఒక పనికి తేదీ కట్టాలి. 2022లో ఆ లెక్క ఇలా సాగిందనుకోండి. ఆంధ్ర తీరం నుంచి అమెరికా తూర్పు తీరానికి ఓడలో సుమారు 45 రోజులు. ఫ్యాక్టరీ నుంచి రేవుకు చేర్చి, కస్టమ్స్ దాటించి, కంటెయినర్‌లో సర్దడానికి 10 రోజులు. సెప్టెంబరు 30న ఆఖరి పాత సీసా నింపితే అది నవంబరు చివరికి అక్కడ దిగుతుంది. ఓడ ఆలస్యమైనా, తనిఖీకి ఆపినా, చేతిలో ఇంకో నెల ఉంటుంది. అంటే ‘అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ నింపిన ప్రతి సీసాకీ కొత్త లేబుల్’ అన్నది సురక్షితమైన గీత.

ఆ గీత నిలబడాలంటే కొత్త లేబుళ్లు సెప్టెంబరు 25 కల్లా ఫ్యాక్టరీ గోదాములో ఉండాలి. అచ్చుకు మూడు వారాలు పడితే, ప్రూఫ్‌పై ఆఖరి సంతకం సెప్టెంబరు మొదటివారం దాటకూడదు. ప్రూఫ్ రెండుమూడుసార్లు అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి దానికి మరో నెల. సరుకువారీ పదార్థాల వివరాలు తెప్పించుకోవడానికి రెండు వారాలు. ఉత్తరం జులై నెల మధ్యలో వెళ్లాలి. జనవరి నిబంధనకి జులైలో ఉత్తరం రాయడం అతి జాగ్రత్తలా అనిపించవచ్చు గానీ, పైన లెక్కలో వృథాగా పెట్టినది ఒక్క రోజు కూడా లేదు.

ఉత్తరంలోని కీలకమైన పేరా ఇలా ఉంటే చాలు: ‘2022 ఆగస్టు 1 తర్వాత మేమిచ్చే ఆర్డర్లన్నిటికీ జతచేసిన కొత్త లేబుల్ వివరాలు వర్తిస్తాయి. అంతకుముందు ఇచ్చి, ఇంకా పూర్తికాని ఆర్డర్లలో సెప్టెంబరు 30 వరకు నింపిన సరుకును పాత లేబుల్‌తో తీసుకుంటాం. అది అక్టోబరు 10 లోపు ఓడెక్కాలి. అక్టోబరు 1 నుంచి నింపిన సరుకు ఏ ఆర్డరు కిందిదైనా సరే, పాత లేబుల్‌తో ఉంటే తీసుకోం. ఆగస్టు 1 తర్వాతి ఆర్డరులో సరుకు కొత్త లేబుళ్లు చేరకముందే నింపవలసి వస్తే, నింపేముందు మా రాతపూర్వక అనుమతి తీసుకోండి.’ ఇందులో కొత్త ఆర్డర్లు, నడుస్తున్న ఆర్డర్లు, వాటి మధ్య పడే సరుకు మూడింటికీ జవాబుంది. చాలా ఉత్తరాల్లో లోపించేది నడుస్తున్న ఆర్డర్ల సంగతే. ‘ఇకపై వచ్చే ఆర్డర్లకు’ అని మాత్రమే రాస్తే, మే నెలలో ఇచ్చిన పెద్ద ఆర్డరు డిసెంబరు దాకా పాత లేబుల్‌తోనే నడుస్తుంది, అందులో తయారీదారు తప్పేమీ ఉండదు.

అదే ఉత్తరంలో తయారీదారును ఒక అంకె అడగాలి: గోదాములో పాత లేబుళ్లు ఎన్ని మిగిలాయి? 18,000 ఉన్నాయని, సెప్టెంబరు 30 లోపు నింపబోయేవి 6,000 సీసాలని అనుకుందాం. అప్పుడు 12,000 మిగిలిపోతాయి. అమెరికా కోసం అచ్చువేసిన లేబుల్‌పై గరిష్ఠ చిల్లర ధర ఉండదు కాబట్టి వాటిని ఇక్కడి బజారులో వాడలేరు. జాబితాపై సరిచేసిన చిన్న స్టిక్కరు అతికించి వాడుకోవచ్చు. కానీ ఆ స్టిక్కరు నికర బరువునూ చిరునామానూ కప్పకూడదు, నూనె తగిలినా ఊడకూడదు. పచ్చడి సీసాల విషయంలో ఈ రెండో షరతే కష్టం. స్టిక్కరు వద్దనుకుంటే, మిగిలిన లేబుళ్ల ఖరీదు ఎవరిదో ఆ ఉత్తరంలోనే తేల్చాలి. లోగో, రంగు వంటివి తన ఇష్టంకొద్దీ మార్చే కొనుగోలుదారు ఆ నష్టం భరించడం న్యాయం. చట్టం తెచ్చిన మార్పుకి ఇద్దరూ పంచుకోవడం సబబు. ఒప్పందంలో ముందే రాసుకుని ఉంటే దాని ప్రకారమే. ఈ ముక్క తేల్చకుండా వదిలేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు: మిగిలిన లేబుళ్లు పారేయడానికి మనసొప్పక, అక్టోబరు సీసాల్లో కొన్నిటిపైకి అవే చేరతాయి.

అలా చేరినా గోదాములో ఎవరికీ తెలియదు. పచ్చడి మారలేదు, బరువు మారలేదు, కాబట్టి బార్‌కోడ్ కూడా మారలేదు. స్కానరుకి పాత సీసా, కొత్త సీసా ఒక్కటే. అందుకని లేబుల్ అంచున ఒక చిన్న సంకేతం అచ్చువేయించాలి, ఉదాహరణకు సరుకు సంఖ్య, దాని పక్కన ‘10/22’. అట్టపెట్టెకి రెండు పక్కలా ఆర్డరు నంబరు, బ్యాచ్ నంబరు, ‘కొత్త లేబుల్’ అన్న ముద్ర ఉండాలి. ఒక పెట్టెలో గానీ ఒక ప్యాలెట్‌పై గానీ పాతవీ కొత్తవీ కలపకూడదని విడిగా చెప్పాలి. దించేటప్పుడు ప్రతి బ్యాచ్‌లో ఒక పెట్టె విప్పి, సీసాపై సంకేతాన్ని, నింపిన తేదీని పక్కపక్కన చూస్తే సరిపోతుంది. అక్టోబరు బ్యాచ్ నంబరున్న సీసాపై ‘10/22’ లేకపోతే ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాలి.

తయారీదారు నుంచి ‘అందింది’ అన్న ఒక్కమాట జవాబుగా సరిపోదు. అతని చేతి నుంచి రావలసినవి మూడు: సరుకువారీ పదార్థాల పట్టిక, మిగిలిన లేబుళ్ల లెక్క, తేదీలకు ఒప్పుకుంటూ సంతకం. ఇవి రాకపోతే కొనుగోలుదారు ఆగస్టు ఆర్డరు ఆపి అడగాలి, ఎందుకంటే కొత్త వివరాలు ఆఫీసు మెయిల్లోనే ఉండిపోయి, ప్రింటరుకి పాత ఫైలే మళ్లీ వెళ్లడం ఈ వ్యవహారంలో తరచూ జరిగే పొరపాటు. సంతకం చేసిన ప్రూఫ్‌ను కొత్త ఆర్డరుకి జతచేసి పంపితే, సీసాలకు లేబుల్ అతికించే చోట పనిచేసేవాళ్లకి కూడా పోల్చి చూసుకోవడానికి ఒక కాగితం దొరుకుతుంది.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా తప్పు లేబుల్‌తో సరుకు రేవు చేరితే, దాన్ని లోపలికి రానివ్వకపోవచ్చు. అలా నిరాకరించిన సరుకును 90 రోజుల్లో వెనక్కి పంపాలి, లేదా నాశనం చేయాలి. అప్పటికే దుకాణాల్లోకి వెళ్లిపోతే వెనక్కి రప్పించాలి. ఆ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇద్దరూ ముందుగా తీసి చూసేది జులైలో వెళ్లిన ఆ ఉత్తరాన్నీ, దానికి వచ్చిన సంతకాన్నీ.