ఊరెళ్లొచ్చిన ఖర్చుల లెక్క

ఆఫీసు పని మీద ఊరెళ్లొచ్చిన ఉద్యోగి ఫైనాన్స్ విభాగానికి పంపే ఖర్చుల క్లెయిమ్‌లో మొదట ఉండాల్సింది పని వివరం: ఎక్కడికి, ఏ తేదీల్లో, ఏ పని మీద, ఎవరి అనుమతితో, ఎంత అడ్వాన్స్ తీసుకుని వెళ్లారు. ఆ తర్వాతే ఖర్చులు. ఒక్కో ఖర్చుకు తేదీ, మొత్తం, బిల్లు నంబరు రాసి, అదే వరుసలో బిల్లులు జతచేస్తే సరిచూసేవారికి వెతుకులాట తప్పుతుంది.

హైదరాబాద్ కంపెనీ ఉద్యోగి ఒకరు 10,000 రూపాయల అడ్వాన్స్‌తో విశాఖపట్నం వెళ్లి, రెండు రాత్రులు హోటల్లో ఉన్నారనుకుందాం. రానుపోను రైలుకు 2,400 రూపాయలు, ఆటోలకు 740 అయ్యాయి. హోటల్ బిల్లు 6,300. భోజనానికి కంపెనీ ఇచ్చే రోజుభత్యం మూడు రోజులకు 1,800. అన్నీ కలిపితే 11,240. అడ్వాన్స్ పోను తనకు ఇంకా 1,240 రావాలని ఉద్యోగి లెక్క.

తేడా వచ్చేది హోటల్ బిల్లు దగ్గరే. గది అద్దె రాత్రికి 2,800. దాని మీద 5 శాతం జీఎస్టీ కలిపి రెండు రాత్రులకు 5,880. మిగతా 420 రూపాయలు గదికి తెప్పించుకున్న భోజనానివి. భోజనానికి రోజుభత్యం వస్తూనే ఉంది కనుక ఈ 420 కూడా ఇస్తే ఒకే తిండికి రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. ఇక ఆ కంపెనీ నిబంధన ప్రకారం గదికి రాత్రికి 2,500 దాకానే ఇస్తారు, పన్ను అదనం. అంటే రెండు రాత్రులకు 5,250. పైన మిగిలిన 630 ఉద్యోగి భరించాలి, లేదా తక్కువ ధరకు గది దొరకలేదని ముందే పై అధికారి అనుమతి తీసుకుని ఉండాలి. పరిమితి పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఎక్కువ పేచీలు ఇక్కడే వస్తాయి. చివరికి చెల్లే మొత్తం 10,190. చేతికొచ్చేది 190.

బిల్లు విషయంలో జనం తరచూ పొరబడేది యూపీఐ స్క్రీన్‌షాట్‌తో. అది డబ్బు వెళ్లిందని చెబుతుంది గానీ దేనికి వెళ్లిందో చెప్పదు. విమాన టికెట్ కొన్నట్టు చూపినా చాలదు, దాన్ని తర్వాత రద్దు చేసుకుని ఉండొచ్చు. బోర్డింగ్ పాస్ అడిగేది అందుకే. ఆటోకు రసీదు ఉండదు కాబట్టి ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అన్నది రాసి సంతకం చేస్తే, చిన్న మొత్తాలకు చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. వేడితో అచ్చయ్యే రసీదుల మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. వాటిని ఆ రోజే ఫొటో తీసుకోవాలి.

హోటల్ బిల్లు మీద కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ఉండాలని చాలా కంపెనీలు పట్టుబడతాయి. గది ఖాళీ చేశాక బిల్లు మార్పించడం కష్టం కనుక, ఆ వివరాలు గదిలో దిగేటప్పుడే రిసెప్షన్‌లో ఇవ్వడం మేలు.