గడువు అడిగే లేఖలో ఏముండాలి?

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠ వ్యవధి ఆరేళ్లు. అది దాటితే పునర్నమోదు చేసుకోవాలి. ఆ గడువు లోపలే ఒక సెమిస్టరు అదనంగా కావాలంటే పర్యవేక్షకుడి ద్వారా పరిశోధన సలహా సంఘానికి లేఖ రాయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. అనంతపురం వేరుశనగపై రెండు ఖరీఫ్‌ల దిగుబడి పోల్చాలి. రెండో ఏడు వానలు ఆలస్యమై విత్తనం ఆగస్టులో పడింది. పంట నవంబరు చివరికి గానీ చేతికి రాదు. థీసిస్ గడువేమో డిసెంబరు.

‘వర్షాభావం వల్ల ఆలస్యమైంది’ అంటే సరిపోదు. విత్తిన తేదీ, వర్షపాత నమోదు జతచేయాలి. మొదటి ఏడాది వివరాలు, పూర్తయిన అధ్యాయాలు చూపాలి. ఒక్క సీజన్‌తో ఫలితం ఎందుకు నిలవదో చెప్పాలి. ఆపై నెలవారీ ప్రణాళిక: ఫిబ్రవరికి విశ్లేషణ, ఏప్రిల్‌కు మిగిలిన అధ్యాయాలు, మేలో పర్యవేక్షకుడి పరిశీలన, జూన్‌లో సమర్పణ.

సంఘం ప్రధానంగా చూసేది ఈ గడువుతో పని నిజంగా ముగుస్తుందా అన్నదే. అందుకే గడువు ముగిశాక కాదు, విత్తనం ఆలస్యమైన నెలలోనే లేఖ ఇవ్వండి.