ముప్పై అయిదుకే పొదుపు ఆపేస్తే అరవైలో సరిపోతుందా?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 35 ఏళ్ల మనిషి, ‘ఇక చాలు, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాను’ అన్నాడనుకుందాం. జీతం సగానికి పడిపోతుంది. ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఒక్కటే: ‘మరి రేపు ఒంట్లో ఓపిక తగ్గాక?’

దానికి జవాబు కాగితం మీద చూపించగలిగితే, ఆ పద్ధతి పేరు కోస్ట్ ఎఫ్ఐ. త్వరగా రిటైరైపోవాలనుకునే అమెరికా ‘ఫైర్’ బృందాల నుంచి వచ్చిన ఆలోచన ఇది. ఫైర్‌లో ఉద్యోగమే మానేస్తారు. ఇందులో మానేది పొదుపు మాత్రమే. చిన్న వయసులో గట్టిగా కూడబెట్టిన సొమ్మును ముట్టుకోకుండా పెరగనిస్తారు, ఈనాటి ఖర్చులకు సరిపడా సంపాదిస్తారు.

ఎంత కూడితే ఆపొచ్చు? లెక్క చివరి నుంచి మొదలవుతుంది. ఆ మనిషికి అరవై దాటాక, ఈనాటి ధరల్లో నెలకు 50 వేలు కావాలి. అంటే ఏడాదికి 6 లక్షలు. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు అక్కడి మార్కెట్ చరిత్ర చూసి, మొదటి ఏడాది నిధిలో 4 శాతం, ఆపైన ధరలకు తగ్గట్టు పెంచుకుంటూ తీసుకుంటే డబ్బు 30 ఏళ్లు నిలుస్తుందని చెప్పాడు. ఆ ప్రకారం ఏడాది ఖర్చుకు 25 రెట్లు చాలు. అది అమెరికా లెక్క కాబట్టి ఇక్కడ 30 రెట్లు పెట్టుకోవడం మేలు. అప్పుడు కావలసింది 1.8 కోట్లు.

ఇప్పుడు వెనక్కి రావాలి. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయనుకుందాం. రిజర్వ్ బ్యాంకు ద్రవ్యోల్బణానికి పెట్టుకున్న గరిష్ఠ హద్దు అదే. పెట్టుబడి 10 శాతం చొప్పున పెరిగితే, ధరలను మించిన అసలు పెరుగుదల దాదాపు 4 శాతం. ఆ లెక్కన 25 ఏళ్లలో సొమ్ము కొనుగోలు శక్తి 2.67 రెట్లవుతుంది. 1.8 కోట్లను దానితో భాగిస్తే సుమారు 67.5 లక్షలు. 23వ ఏట నుంచి నెలకు 25 వేలు చొప్పున 12 ఏళ్లు పెట్టి, అదే 10 శాతం వస్తే 69 లక్షలవుతుంది. జేబులోంచి పోయింది 36 లక్షలే. 45 ఏళ్ల వయసులో ఆగాలనుకునేవారికి మాత్రం అప్పటికి కోటి ఉండాలి.

ఇదంతా ఆ 4 శాతం మీద నిలబడింది. అది 3కి తగ్గితే 35లోనే 86 లక్షలు కావాలి, 5 అయితే 53 లక్షలు చాలు. మనవాళ్లలో చాలామంది పొదుపు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంటుంది. వడ్డీ మీద పన్ను కట్టాక మిగిలేది ధరల పెరుగుదలను అందుకోవడమే కష్టం. అలాంటి 67 లక్షలు పాతికేళ్లు ఉంచినా ఉన్నచోటే ఉంటాయి. పీఎఫ్‌కు 2024-25లో ఇచ్చిన 8.25 శాతం కాస్త నయం, కానీ అదొక్కటే సరిపోదు. షేర్ల ఫండ్లు లేకుండా ఈ పద్ధతి నడవదు. ఉంటున్న ఇల్లు, ఒంటి మీది బంగారం ఈ లెక్కలోకి రావు.

షేర్లంటే పడటం కూడా ఉంటుంది. 2008 ఒక్క ఏడాదిలోనే సెన్సెక్స్ సగానికి పైగా కరిగింది. జపాన్ నిక్కీ 1989 చివరి ఎత్తును మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. అందుకే ‘పెట్టేశాం, మరిచిపోదాం’ అనుకోకూడదు. ఏటా ఒకసారి చూసుకోవాలి. మన ఉదాహరణలో 36వ ఏట 74.4 లక్షలు ఉండాలి, ఆపైన ఏటా 10 శాతానికి కాస్త ఎక్కువ చొప్పున ఆ గీత పెరుగుతూ ఉంటుంది. వరసగా రెండు మూడేళ్లు నిధి గీత కింద ఉంటే మళ్లీ కొంత జమ చేయాలి, లేదా రిటైర్మెంటును 60 నుంచి 63కి జరపాలి.

పద్ధతి ఎక్కువగా చెడేది మాత్రం మార్కెట్ వల్ల కాదు, ఇంటి వల్ల. చెల్లెలి పెళ్లి, ఊళ్లో స్థలం, పిల్లాడి ఇంజినీరింగ్ ఫీజు వచ్చినప్పుడు అందరి చూపూ ఆ నిధి మీదే పడుతుంది. 40వ ఏట అందులోంచి ఈనాటి ధరల్లో 15 లక్షలు తీస్తే, అరవైకి అవే ధరల్లో దాదాపు 33 లక్షలు తగ్గినట్టు. పైగా కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా పాత ఉద్యోగంతోనే పోతుంది. కాబట్టి కొత్త జీతంలోంచే సొంత బీమా ప్రీమియం, పిల్లల చదువు వెళ్లాలి. ఆరు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో ఉండాలి. కొత్త జీతం వీటికి చాలకపోతే, ఖాతాలో 67.5 లక్షలు కనబడుతున్నా పాత ఉద్యోగం వదలకండి.